డోజీ పడింది, షేరు పడలేదు

మధ్యాహ్నం మూడు ఇరవైకి షాపులో ఒక్క కస్టమరూ లేడు. ఎవరైనా వచ్చి ఒక సీలింగ్ ఫ్యాను రేటు అడిగినా బాగుండేది, నాకు 27 వేలు మిగిలేవి.

ఒంగోలులో నాకు చిన్న ఎలక్ట్రికల్ సామాన్ల షాపు ఉంది. వైర్లు, స్విచ్చులు, ఫ్యాన్లు అమ్ముతాను. కౌంటరు కింద ఫోన్‌లో చార్టు నడుస్తూనే ఉంటుంది. ఇది 2023 వానాకాలం సంగతి. ఒక సిమెంట్ షేరు, పేరు మనకు అనవసరం, పదకొండు సెషన్లలో 612 నుంచి 700 దగ్గరకి ఎక్కేసింది. నేను కొనలేదు, బస్సు వెళ్ళిపోయాక స్టాండులో నిలబడినట్టు రోజూ చూస్తున్నాను. అంత ఎక్కింది కాబట్టి ఎప్పుడో ఒకప్పుడు దిగాలి కదా అని, ఆ దిగేటప్పుడైనా మనకేమైనా దొరక్కపోతుందా అని కాచుకుని కూర్చున్నాను. పన్నెండో రోజు 698 దగ్గర ఓపెన్ అయింది, 709.50 దాకా వెళ్ళింది, 687.20 దాకా దిగింది, మూడు ఇరవైకి మళ్ళీ 698.60 దగ్గర ఉంది. డైలీ చార్టులో ఆ రోజు క్యాండిల్‌కి పైన హై దాకా, కింద లో దాకా పొడుగాటి విక్కులు, మధ్యలో ఓపెన్ నుంచి క్లోజ్ దాకా ఉండాల్సిన బాడీ అనేదే లేదు, చిన్న అడ్డగీత. ప్లస్ గుర్తులాగా ఉంది. ఇలా ఓపెన్, క్లోజ్ ఒకే చోట పడిన క్యాండిల్‌నే డోజీ అంటారు.

అప్పటికి నాకు తెలిసిందల్లా ఏమిటంటే, ఎక్కిన షేరు మీద డోజీ కనబడితే ట్రెండ్ తిరుగుతుందని. వీడియోల్లో అంతే చెప్తారు, బాణం గుర్తు పెట్టి, డోజీ పక్కనే ఎర్ర క్యాండిళ్ళు వరసగా దిగిపోతున్న బొమ్మ చూపిస్తారు. డోజీ వచ్చినా పైకే వెళ్ళిన బొమ్మ ఎవరూ పెట్టరు. ఫ్యూచర్స్‌లో పడ్డాక తక్కువకి తిరిగి కొనొచ్చని ఒక లాటు అమ్మేశాను, 701కి. క్యాష్ ధర కన్నా ఫ్యూచర్ రెండు రూపాయలకు పైగా ఎక్కువ నడుస్తోంది. లాటు 850 షేర్లు. మార్జిన్‌గా లక్షకు పైనే బ్లాక్ అయింది. ఆ రోజు క్యాండిల్ ఇంకా పూర్తి కూడా కాలేదని, మార్కెట్ ముగియడానికి పది నిమిషాలు ఉందని నాకు తట్టనే లేదు.

మర్నాడు 705 దగ్గర ఓపెన్ అయింది. కాసేపు 703.40 దాకా దిగితే, సరే మొదలైంది అనుకున్నాను. మూడున్నరకి 721 దగ్గర ముగిసింది. డోజీ హై 709.50 అని చెప్పాను కదా, దానికి పదకొండు రూపాయలకు పైగా పైన క్లోజ్ అయిందన్నమాట. నాకు అప్పుడు అదేమీ పట్టలేదు, డోజీ వచ్చింది కాబట్టి రేపు పడుతుంది అన్న ధీమాతో పొజిషన్ అలాగే ఉంచాను. ఆ తర్వాతి రోజు క్యాష్‌లో 731 చూశాక ఫ్యూచర్‌ని 733కి తిరిగి కొని బయటపడ్డాను. 32 రూపాయలు ఇంటూ 850, మొత్తం 27,200 పోయాయి, చార్జీలు వేరే.

మా బామ్మర్ది హైదరాబాద్‌లో, కూకట్‌పల్లిలో ఉంటాడు. నాకన్నా చాలా ముందు నుంచి మార్కెట్‌లో ఉన్నాడు. రాత్రి ఫోన్ చేసి మొత్తం చెప్పాను. డోజీ పడింది రా, క్లియర్‌గా పడింది, అయినా ఇలా అయింది అన్నాను. అటునుంచి నవ్వాడు.

"డోజీ పడింది సరే బావా, షేరు పడుతుందని నీకెవరు చెప్పారు?"

కోపం వచ్చింది గానీ, ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు.

వాడు ఆ రాత్రే నాతో ఒక పని చేయించాడు. ఆ డోజీ రోజుని పదిహేను నిమిషాల చార్టులో తెరవమన్నాడు. మన మార్కెట్ తొమ్మిదింపావు నుంచి మూడున్నర దాకా నడుస్తుంది, అంటే 375 నిమిషాలు, పదిహేను నిమిషాల క్యాండిళ్ళు సరిగ్గా 25. డైలీలో ఒక చిన్న ప్లస్ గుర్తుగా కనిపించినది ఇక్కడ పెద్ద కథ. పొద్దున్న పదిన్నరకల్లా 709 దాకా ఎక్కింది. అక్కడ నుంచి అమ్మకాలు వచ్చి ఒంటిగంట దాటాక 687కి దిగింది. రెండు గంటల తర్వాత కొనేవాళ్ళు మళ్ళీ దిగి, క్యాండిల్ తర్వాత క్యాండిల్ ఎక్కించుకుంటూ 698 దాకా తెచ్చారు. నేను అమ్మింది సరిగ్గా వాళ్ళు ఎక్కిస్తున్న ఆ గంటన్నరలోనే. డైలీ క్యాండిల్ ఈ వరస చెప్పదు. ముందు ఎక్కి తర్వాత దిగినా, ముందు దిగి తర్వాత ఎక్కినా, రోజంతా ఊగిసలాడినా, చివరికి ఓపెన్ దగ్గరకి చేరితే చాలు, బొమ్మ ఒక్కటే.

"అయితే చివర్లో ఎక్కుతోంది కాబట్టి నేను కొనాల్సిందా?" అని అడిగాను.

"అది కూడా కాదు బావా. ఆ రోజు ఇద్దరూ లాగారు, ఇద్దరూ అలిసిపోయారు, అంతవరకే. ఎవరు గెలిచారన్నది ఆ రోజు తేలలేదు. తేలనిదాని మీద నువ్వు ఆరు లక్షల పందెం కాశావు."

ఆరు లక్షలు అనేసరికి ఉలిక్కిపడ్డాను. మార్జిన్ లక్ష పైచిలుకే అయినా, 701 ఇంటూ 850 అంటే నిజంగానే దాదాపు ఆరు లక్షల సరుకు.

తర్వాత కొన్ని వారాలు నేను ట్రేడ్ చేయలేదు. డబ్బు పోయిన బాధ కొంత, ఇంట్లో మా ఆవిడ "ఏమండీ, ఆ ఫోను కాసేపు పక్కన పెట్టండి" అన్న మాట కొంత. రాత్రి షాపు కట్టేశాక పాత చార్టులు తిరగేసేవాణ్ణి. బిల్లు పుస్తకం వెనక ఖాళీ పేజీల్లో డోజీ తేదీ, దాని హై, దాని లో, మర్నాడు ఎక్కడ క్లోజ్ అయింది అని రాసుకుంటూ పోయాను. కొన్ని పేజీలు నిండాక తెలిసింది: డోజీ పడిన రోజు సాయంత్రం నిలబడి చూస్తే, మర్నాడు పైకా కిందికా అన్నది నేను ఊహించగలిగే పని కాదు. పెద్ద ర్యాలీ మీద వచ్చిన డోజీల్లో చాలావాటి తర్వాత ర్యాలీ అలాగే కొనసాగింది, మా సిమెంట్ షేరు లాగే ఒక రోజు ఊపిరి పీల్చుకుని మళ్ళీ నడక మొదలుపెట్టింది. నాకు ఉపయోగపడిన సంగతి ఒకటే. డోజీ వల్ల నా చేతికి రెండు ధరలు వస్తాయి, దాని హై, దాని లో. ఆ రోజు కొనేవాళ్ళు ఎక్కడిదాకా తోయగలిగారు, అమ్మేవాళ్ళు ఎక్కడిదాకా లాగగలిగారు అన్నది ఆ రెండు అంకెల్లో ఉంది. తర్వాతి బార్, అంటే తర్వాతి క్యాండిల్, ఆ రెండిటిలో ఏదో ఒకదాన్ని దాటి క్లోజ్ అయితే అప్పుడు ఒక వైపు వాళ్ళు నిన్న చేయలేనిది ఇవాళ చేశారని అర్థం. కన్ఫర్మేషన్ అంటే అంతే, అందులో మంత్రమేమీ లేదు.

క్లోజ్ అవ్వాలి అన్నాను, తాకితే చాలదు. ఈ తేడా తెలియడానికి నాకు ఇంకో రెండు మూడు దెబ్బలు పట్టాయి. చిన్నవే లెండి. డోజీ లో కిందికి పదకొండు గంటలకు ఒక రూపాయి దిగగానే, అదిగో కన్ఫర్మ్ అయింది అని దూకేవాణ్ణి, రెండు గంటలకల్లా ధర మళ్ళీ పైకి వచ్చి నా వంక చూసేది. డోజీ లో కింద, ఇంత దిగితే అమ్మేయమని అందరూ స్టాప్‌లాసులు పెట్టుకుని ఉంటారు, ధర అక్కడికి వెళ్ళగానే అవన్నీ పేలతాయి, పేలాక అమ్మేవాళ్ళు మిగలరు, తిరిగి వచ్చేస్తుంది. అందుకే క్యాండిల్ ముగిసేదాకా ఆగాలి.

ఇక్కడ ఓపెన్, క్లోజ్ అంటే అసలు ఏమిటో కూడా చెప్పాలి, ఎందుకంటే డోజీ అంటే ఆ రెండూ ఒకే చోట ఉండటమే కదా. ఎన్‌ఎస్‌ఈలో ఓపెన్ ధర తొమ్మిదింటికి మొదలయ్యే ప్రీ-ఓపెన్ వేలంలో తేలుతుంది. క్లోజ్ ధర అంటే మూడున్నరకి జరిగిన ఆఖరి ట్రేడ్ అనుకునేవాణ్ణి. నేను చెప్తున్న రోజుల్లో అది అలా కాదు, మూడు నుంచి మూడున్నర దాకా జరిగిన ట్రేడ్‌ల సగటు, వాల్యూమ్‌ని బట్టి తూకం వేసి తీసిన సగటు. ఆఖరి ట్రేడ్ ధర వేరు, అధికారిక క్లోజ్ వేరు.

ఇది పుస్తకజ్ఞానంలా అనిపించొచ్చు గానీ నాకు చార్టు మీదే ఎదురైంది. ఒక షేరు 412 దగ్గర ఓపెన్ అయింది, మూడు ఇరవై ఎనిమిదికి 412.30 ఉంది. చక్కటి డోజీ. రేపు చూడాల్సిన లిస్టులో రాసుకుని ఇంటికెళ్ళాను. రాత్రి తిండి తిన్నాక చార్టు తెరిస్తే క్లోజ్ 409.15 అని ఉంది, డోజీ లేదు, చిన్న ఎర్ర బాడీ ఉంది. ఫోన్ పాడైందేమో అనుకున్నాను. జరిగింది ఏమిటంటే, చివరి అరగంటలో ఎక్కువ భాగం 408, 409 దగ్గర నడిచి, ఆఖరి రెండు మూడు నిమిషాల్లో ఎవరో ఎగబడి కొంటే 412కి లేచింది. సగటులో ఆ చివరి ఎగబాటు కరిగిపోయింది. రోజు నడుస్తుండగా యాప్ ఆఖరి ట్రేడ్ ధరనే చూపిస్తుంది, సాయంత్రం అధికారిక క్లోజ్ వచ్చాక క్యాండిల్ సర్దుకుంటుంది. కొన్ని చార్టులు సర్దుకుంటాయి, కొన్ని సర్దుకోవు, అందుకే ఒకే రోజు ఒకరి చార్టులో డోజీ, ఇంకొకరి చార్టులో కాదు. అప్పటి నుంచి డోజీ ఉందా లేదా అన్నది రాత్రి ఎనిమిది దాటాకే చూస్తున్నాను. మూడు ఇరవైకి చూసే అలవాటు అలా పోయింది.

సరిగ్గా ఓపెన్, క్లోజ్ ఒకటే అయ్యే రోజులు అరుదు, అయిదు పది పైసలైనా తేడా ఉంటుంది. కాబట్టి ఎంత తేడా దాకా డోజీ అనాలి అన్నది మనమే పెట్టుకోవాలి. నేను పెట్టుకున్నది: బాడీ ఆ రోజు మొత్తం రేంజిలో పదో వంతుకి మించకూడదు. మా సిమెంట్ షేరు రేంజి 22.30, బాడీ 60 పైసలు, ఏ లెక్కన చూసినా డోజీయే, పేరు పెట్టడంలో నేను తప్పు చేయలేదు. పదో వంతు అన్నది శాసనమేమీ కాదు, కొందరు ఇరవయ్యో వంతు పెట్టుకుంటారు. మా బామ్మర్ది ట్రేడింగ్‌వ్యూ చార్టులో పెట్టుకోమని, దాని పైన్ స్క్రిప్ట్ భాషలో నాలుగు ముక్కలు రాసిచ్చాడు. అసలు భాగం ఇదే:

```
body = math.abs(close - open)
rng  = high - low
doji = rng > 0 and body <= rng * 0.1
up   = doji[1] and close > high[1]
down = doji[1] and close < low[1]
```

ఇందులో `[1]` అంటే ముందు రోజు క్యాండిల్. నిన్న డోజీ అయి, ఇవాళ్టి క్లోజ్ నిన్నటి హై పైన ఉంటే `up`, నిన్నటి లో కింద ఉంటే `down`. అలర్ట్ పెట్టేటప్పుడు ట్రిగర్ దగ్గర `Once Per Bar Close` ఎంచుకోవాలి, లేకపోతే మధ్యాహ్నం ధర గీత దాటిన క్షణాన్నే ఫోన్ మోగుతుంది, మళ్ళీ నేను పాత నేనే అయిపోతాను.

`rng > 0` అన్న ముక్క మొదట్లో లేదు. అది లేకుండా ఒక రాత్రి స్కాన్ చేస్తే, అయిదారు రోజులుగా వరసగా అప్పర్ సర్క్యూట్, అంటే ఆ రోజుకి ఎక్కనిచ్చే ఆఖరి ధర, కొడుతున్న ఒక చిన్న షేరు రోజూ డోజీ అంటూ లిస్టులో పైకి వచ్చింది. పొద్దున్న తొమ్మిదింపావుకే సర్క్యూట్ దగ్గర తాళం పడింది, అమ్మేవాడు ఒక్కడూ లేడు, ఓపెన్, హై, లో, క్లోజ్ నాలుగూ ఒకే ధర. రేంజి సున్నా, బాడీ సున్నా, సున్నాలో పదో వంతు సున్నా, కాబట్టి లెక్క ప్రకారం డోజీ! నిజానికి ఇంతకన్నా తేలిపోయిన మార్కెట్ ఇంకోటి ఉండదు, అందరూ కొంటామనే వాళ్ళే. దాన్ని ఎటూ తేలని రోజు అనడం ఎంత తప్పో చూడండి. బొమ్మని చూసి అర్థం చెప్పేస్తే ఇలాగే ఉంటుంది.

ఇలాంటి దొంగ డోజీలు ఇంకా ఉన్నాయి. గంట చార్టు చూసేవాళ్ళకి ఇది తప్పకుండా తగులుతుంది. మన మార్కెట్ ఆరుంపావు గంటలు నడుస్తుంది కాబట్టి గంట గంటకీ కోస్తే ఆరు క్యాండిళ్ళు పోగా చివర్లో మూడుంపావు నుంచి మూడున్నర దాకా ఒక పావుగంట ముక్క మిగులుతుంది. అది కూడా గంట క్యాండిల్ పక్కనే దర్జాగా నిలబడుతుంది. పావుగంటలో ధర ఎంత కదులుతుంది, చాలాసార్లు డోజీలాగే ఉంటుంది. దీపావళి ముహూరత్ ట్రేడింగ్ కూడా అంతే, గంటసేపు సెషన్‌కి డైలీ చార్టులో ఒక పూర్తి క్యాండిల్ పడుతుంది, దాన్ని డోజీ అని పట్టుకుంటే పండగ పూట నవ్వులపాలే. ఇక రోజుకు నాలుగు వేల షేర్లు కూడా చేతులు మారని షేర్లలో డోజీలు వారానికి రెండు పడుతుంటాయి, అక్కడ తేల్చుకోలేకపోవడం కాదు, అసలు ఎవరూ రాలేదంతే. పక్కకి నడుస్తున్న షేరులో పడిన డోజీ కూడా నాకు పనికిరాదు. పదిహేను రోజులుగా ఎటూ తేలని చోట ఇంకో తేలని రోజు వస్తే కొత్తగా తెలిసేదేముంది? ఒక వైపు గట్టిగా నడిచిన తర్వాత వచ్చినదాన్నే చూస్తాను. లాంగ్ లెగ్డ్, గ్రేవ్‌స్టోన్, డ్రాగన్‌ఫ్లై అని పేర్లు ఉన్నాయి, విక్కు ఎటు పొడుగుంటే ఆ పేరు. వాటి మీద నేను పెద్దగా టైము పెట్టను, ఏ పేరుదైనా మర్నాటి దాకా ఆగాల్సిందే కదా.

ఆగి చేసిన మొదటి ట్రేడ్ సంగతి చెప్తాను, అంకెలతో సహా, ఎందుకంటే ఆగడం వల్ల ఏం పోతుందో కూడా ఇందులోనే ఉంది.

ఆటో విడిభాగాల షేరు. 540 నుంచి నాలుగు వారాల్లో 460ల్లోకి పడింది. ఒక రోజు 465 ఓపెన్, 471.80 హై, 457.40 లో, 465.50 క్లోజ్. బాడీ 50 పైసలు, రేంజి 14.40. రెండు గీతలు గీసుకున్నాను, 471.80, 457.40. మర్నాడు హై 470.90, లో 460.10, క్లోజ్ 468.20. రెండు గీతల మధ్యే ఇమిడిపోయింది. పచ్చ క్యాండిలే, చూడటానికి బానే ఉంది, చెయ్యి దురద పెట్టింది కూడా, కానీ ఏ గీతా దాటలేదు. అంటే ముందు రోజు పేచీ ఇంకా తెగలేదు. మూడో రోజు 474.60 దగ్గర క్లోజ్ అయింది, పై గీత దాటింది. రాత్రి అధికారిక క్లోజ్ చూసుకుని, మర్నాడు పొద్దున్న 476కి కొన్నాను. ఈసారి ఫ్యూచర్స్ కాదు, క్యాష్‌లో డెలివరీకి. స్టాప్ డోజీ లో కింద, 457. ఒక ట్రేడ్‌లో అయిదు వేలకి మించి పోగొట్టుకోకూడదని అప్పటికి నియమం పెట్టుకున్నాను. షేరుకి 19 రూపాయల రిస్క్, అయిదు వేలని 19తో భాగిస్తే 263 షేర్లు. షేరు 503 దాకా వెళ్ళి తడబడుతుంటే 499కి అమ్మేశాను. షేరుకి 23 చొప్పున 6,049 వచ్చాయి.

ఇప్పుడు రెండో వైపు చూడండి. డోజీ పడిన రోజే 465.50కి కొని ఉంటే? స్టాప్ అదే 457, షేరుకి రిస్క్ 8.50 మాత్రమే. అదే అయిదు వేల రిస్క్‌కి 588 షేర్లు వచ్చేవి. 499కి అమ్మితే 19,698. ఆగినందుకు నా చేతికి వచ్చింది అందులో మూడో వంతు కన్నా తక్కువ. బామ్మర్దికి ఈ లెక్క పంపి, "చూశావా నీ కన్ఫర్మేషన్ ఎంత ఖరీదో" అని పెట్టాను. వాడు ఒకటే మెసేజ్ పెట్టాడు: "మిగతా రెండూ కూడా లెక్కెయ్ బావా."

ఆ నెలల్లోనే, పడుతున్న షేర్లలో నేను గీతలు గీసి ఆగిన డోజీలు ఇంకో రెండు ఉన్నాయి. రెండిట్లోనూ మర్నాడు డోజీ లో కిందే క్లోజ్ అయింది, నేను వాటిని ముట్టుకోలేదు, అందుకే లెక్కలోకి కూడా తీసుకోలేదు. ఒకటి మామూలుగా దిగింది, కొని ఉంటే స్టాప్ దగ్గర అయిదు వేలు పోయేవి. రెండోది చూడండి. డోజీ రోజు క్లోజ్ 318, లో 313. స్టాప్ 312.50 పెట్టేవాణ్ణి, రిస్క్ 5.50, అయిదు వేలకి 909 షేర్లు కొనేవాణ్ణి. మర్నాడు పొద్దున్న అది 304 దగ్గర గ్యాప్‌తో ఓపెన్ అయింది. నా స్టాప్ 312.50 దగ్గర కూర్చుని ఉంటుంది గానీ ఆ ధరకి కొనేవాడు ఎవడున్నాడు, అమ్ముడయ్యేది 304కే. షేరుకి 14 రూపాయలు, 909 షేర్లకి 12,726. అయిదు వేలు అనుకున్న నష్టం రెండున్నర రెట్లయ్యేది.

డోజీ క్లోజ్ దగ్గరే కొనడంలో ఉన్న చిక్కు నాకు ఇక్కడే అర్థమైంది. స్టాప్ చాలా దగ్గరగా ఉంటుంది కాబట్టి క్వాంటిటీ పెరుగుతుంది. డోజీ రాత్రంటే ఎటూ తేలని రాత్రి, పొద్దున్న గ్యాప్ ఎటైనా రావొచ్చు, ఆ రాత్రే మన దగ్గర అన్నిటికన్నా ఎక్కువ షేర్లు ఉంటాయి. మూడిట్లోనూ ముందే కొని ఉంటే 19,698లోంచి 12,726, ఒక 5,000 తీసేస్తే 1,972 మిగిలేవి. ఆగినందుకు ఒకే ట్రేడ్‌లో 6,049 మిగిలాయి. మూడు ట్రేడ్‌లతో ఏదీ రుజువైపోదని నాకూ తెలుసు, ఇంకో మూడు తీసుకుంటే తారుమారు కావొచ్చు. కానీ నాలాగా షాపు చూసుకుంటూ మధ్యలో చార్టు చూసేవాడికి ఆ 12,726 ఇంట్లో ఎలా చెప్పాలన్న టెన్షన్ కూడా లెక్కలోకి వస్తుంది.

కన్ఫర్మేషన్ వచ్చాక కూడా పోతుంది, అది దాచను. ఒక ఫార్మా షేరులో డోజీ హై 1,284, లో 1,251. మర్నాడు 1,289 దగ్గర క్లోజ్ అయింది. పై గీత దాటింది, స్క్రిప్ట్ `up` చూపించింది. ఆ తర్వాతి పొద్దున్న 1,292కి కొన్నాను, స్టాప్ 1,249, రిస్క్ 43, కాబట్టి 116 షేర్లు. నాలుగు రోజుల్లో స్టాప్ తగిలింది, 4,988 పోయాయి. తర్వాత ఆ కన్ఫర్మేషన్ క్యాండిల్‌ని మళ్ళీ తెరిచి చూశాను. అది మధ్యాహ్నం 1,311 దాకా వెళ్ళి 1,289కి దిగివచ్చింది. అంటే గీతకి 27 రూపాయలు పైకి వెళ్ళి, 22 రూపాయలు తిరిగి ఇచ్చేసి, అయిదు రూపాయల తేడాతో ఒడ్డున పడింది. వాల్యూమ్ కూడా అంతకు ముందు రోజుల కన్నా తక్కువే. నిన్నటి అనుమానం తీర్చాల్సిన క్యాండిల్ తనే అనుమానంగా ఉంది, నేను మాత్రం క్లోజ్ అంకె ఒక్కటే చూసి సరే అనేశాను. ఇప్పుడు గీత దాటిన క్లోజ్ ఆ రోజు హైకి దగ్గరగా ఉందా లేదా అని కూడా చూస్తున్నాను, కిందికి కన్ఫర్మ్ అయితే లోకి దగ్గరగా ఉందా అని. దగ్గరగా లేకపోతే ఇంకో రోజు ఆగుతాను. దీనివల్ల కొన్ని మంచివి కూడా జారిపోతున్నాయి, పోనీ.

ఎన్ని రోజులు ఆగాలి అన్నది నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది. తర్వాతి బార్ రెండు గీతల మధ్యే ఉంటే ఇంకో బార్, అదీ మధ్యే ఉంటే ఇంకొకటి. అలా పదిరోజులు చూస్తూ కూర్చుంటే అది డోజీ కాదు, పక్కకి నడిచే షేరు. మూడు బార్‌లు పెట్టుకున్నాను. ఆలోపు ఏ గీతా దాటి క్లోజ్ అవ్వకపోతే ఆ డోజీని కొట్టేస్తాను. మూడే ఎందుకు అంటే నా దగ్గర గొప్ప కారణం లేదు, నా బిల్లు పుస్తకం పేజీల్లో తేలినవి చాలావరకు మూడు రోజుల్లోపే తేలాయి.

ఆ సిమెంట్ షేరుని ఇప్పటి నియమాలతో మళ్ళీ చూశాను. గీతలు 709.50, 687.20. మర్నాడు క్లోజ్ 721, హై 724. పై గీత దాటింది, హైకి దగ్గరగానే ముగిసింది. అమ్మడానికి అక్కడ అసలు కారణమే లేదు, ట్రేడే లేదు. సరే, తొందరపడి అమ్మేశాను అనుకున్నా, ఆ సాయంత్రం మూడు ఇరవై ఎనిమిదికైనా ఫ్యూచర్‌ని 723 దగ్గర తిరిగి కొనేసి ఉంటే 18,700తో పోయేది. మిగతా 8,500 మాత్రం డోజీ వల్ల పోలేదు, ఎదురుగా వచ్చిన జవాబు నాకు నచ్చకపోవడం వల్ల పోయాయి.

నిన్న రాత్రి స్కాన్‌లో రెండు డోజీలు వచ్చాయి. ఒకటి పక్కకి నడుస్తున్న షేరు, వదిలేశాను. రెండోది నెలరోజులు ఎక్కి వచ్చినది. బిల్లు పుస్తకం వెనక దాని హై, దాని లో రాసి, రెండు అలర్ట్‌లు పెట్టాను. ఇవాళ మూడు ఇరవైకి షాపులో ఒకాయన మోటారు స్టార్టర్ కావాలని వచ్చాడు, విప్పి చూపిస్తూ ఉండిపోయాను. రాత్రి చూస్తే క్లోజ్ రెండు గీతల మధ్యే ఉంది, ఇంకా రెండు బార్‌లు మిగిలాయి.